పెళ్ళిచూపులు, రాహుకాలం, ఒక గొట్టం కాజా

ప్రశ్న: "వచ్చే ఆదివారం సాయంత్రం మా చెల్లెల్ని చూసుకోవడానికి అబ్బాయి వాళ్ళు వస్తున్నారు. మా ఇంట్లో ఇదే మొదటి పెళ్ళిచూపులు. నాన్నగారు లేరు. అమ్మ కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు, నాకూ పెద్దగా మాటలు రావు. అందరూ కూర్చున్నాక ఎవరూ ఏమీ మాట్లాడకపోతే ఏం చెయ్యాలి? మా వల్ల ఏదైనా పొరపాటు జరిగితే సంబంధం పోతుందా?"

పోదు. పెళ్ళి సంబంధాలు చూసే పనిలో నాకు 27 ఏళ్ళు గడిచాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో నేను మధ్యవర్తిగా కూర్చున్న పెళ్ళిచూపులు నాలుగు వందలకు తక్కువ ఉండవు. వాటిలో ఉద్యోగం నచ్చక చెడినవి ఉన్నాయి, ఊరు దూరమని చెడినవి ఉన్నాయి, పైకి జాతకం పేరు చెప్పి లోపల మరో కారణంతో చెడినవి ఉన్నాయి, పిల్లలకే ఒకరికొకరు నచ్చక చెడినవీ ఉన్నాయి. హాల్లో పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదనో, కాఫీ ఒలికిందనో చెడిన సంబంధం నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. మొదటి పావుగంట అందరూ బిగుసుకుని కూర్చోవడమే మామూలు. ఆ పావుగంటలో ఎదుటివాళ్ళు మీలో తప్పులు వెతుకుతున్నారని మీరు అనుకుంటారు, వాళ్ళేమో తమ పెద్దాయన ఏదైనా అనకూడని మాట అనేస్తాడేమోనన్న బెంగలో ఉంటారు.

ఇక మీరు చేయవలసిన పనిలో ముప్పాతిక వంతు ఆదివారానికి ముందే ఉంది. అబ్బాయి వాళ్ళకు ఫోన్ చేసి ఏ సమయానికి వస్తున్నారు, ఎంతమంది వస్తున్నారు, ఎవరు ఏమి తినరు అన్న మూడు సంగతులు తేల్చుకోండి. ఆ రోజు మాట కలపడానికి మీ మేనమామ వరసవారినో, మీ నాన్నగారి స్నేహితులనో ఒకరిని పిలిచి కూర్చోబెట్టుకోండి. మీకు మాటలు రాకపోతే కాఫీలు, పళ్ళేలు మీరు చూసుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. అందరూ కూర్చున్న ఇరవై నిమిషాలకు పిల్లలిద్దరినీ విడిగా మాట్లాడుకోనివ్వండి. అక్కడికక్కడే జవాబు అడగకండి.

ఫోన్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఇందులో తప్పు పూర్తిగా నాదే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

తొమ్మిదేళ్ళ కిందట, కార్తీకమాసం. అబ్బాయి వాళ్ళది రాజమహేంద్రవరం, అమ్మాయి వాళ్ళది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. చూపులు ఆదివారం సాయంత్రం అనుకున్నాం. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు వరకు అని క్యాలెండర్లన్నింటిలోనూ ఉంటుంది, అది నాకు నోటికి వచ్చిన లెక్క. అమ్మాయి తండ్రిగారితో మాట్లాడుతూ, అలవాటుకొద్దీ, "నాలుగున్నర లోపే రమ్మని చెప్పమంటారా?" అని అడిగాను. ఆయన, "వాళ్ళకు పట్టింపు ఉంటే అలాగే రమ్మనండి, వాళ్ళ ఇష్టం" అన్నారు. నేను అబ్బాయి తండ్రిగారికి ఫోన్ చేసి, "నాలుగున్నర లోపు రమ్మంటున్నారండీ" అని చెప్పాను. మొదటి మాటకూ రెండో మాటకూ ఉన్న తేడా మీరు గమనించే ఉంటారు. నేను మాత్రం ఆ రోజు గమనించలేదు. నేను రాహుకాలం ఎత్తాను కాబట్టి అబ్బాయి వాళ్ళు బాగా పట్టింపు మనుషులని అమ్మాయి వాళ్ళు అనుకున్నారు. అమ్మాయి వాళ్ళు గడియ చూసి మరీ పిలిచారు కాబట్టి వాళ్ళే పట్టింపు మనుషులని అబ్బాయి వాళ్ళు అనుకున్నారు.

రాజమహేంద్రవరం నుంచి గంటంపావు ప్రయాణమని వాళ్ళు రెండున్నరకే బయలుదేరారు. అయితే అవి వరికోతల రోజులు. కాలవగట్టు రోడ్డు మీద వాళ్ళ కారు ముందుకు ఒక వరికోత యంత్రం వచ్చింది. ఆ యంత్రం రోడ్డు వెడల్పు అంతా తనే తీసుకుంటుంది, ఒక పక్క కాలవ, మరో పక్క చేలు, దాన్ని దాటే దారి ఉండదు. నాలుగైదు కిలోమీటర్లు దాని వెనకే నడిచి, ఊరి మొదట్లో ఉన్న రామాలయం దగ్గరకు చేరేసరికి సమయం నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలు. అక్కడి నుంచి అమ్మాయి ఇల్లు వంద గజాల దూరం కూడా లేదు.

నేను అప్పటికే అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అబ్బాయి తండ్రిగారు ఫోన్ చేసి, "అయిదు నిమిషాలు దాటిపోయిందండీ, శుభమా అని వస్తూ వాళ్ళ మనసు ఎందుకు కష్టపెట్టడం, ఆరు దాటాక లోపలికి వస్తాం, అప్పటిదాకా ఈ రావిచెట్టు కింద ఉంటాం" అన్నారు. ఆ మాట అమ్మాయి తండ్రిగారికి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "పాపం, వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనం బలవంతం చేయకూడదు" అన్నారు. మర్యాద తెలిసిన రెండు కుటుంబాలు ఒకరి నమ్మకాన్ని ఒకరు గౌరవించుకుంటూ, వంద గజాల దూరంలో, గంటన్నర కూర్చోవడానికి సిద్ధపడ్డాయి.

ఆ ఇంట్లో అప్పటికి మూకుట్లో నూనె కాగి ఉంది, అరటికాయ బజ్జీల మొదటి వాయి దిగి ఉంది. బజ్జీ వేడి మీద బజ్జీ, ఆరుగంటలకు అది మెత్తబడిన శనగపిండి. ఏం చేయాలని వంటింట్లో చర్చ జరుగుతుంటే అమ్మాయి నాయనమ్మగారు, "గడప దాటి లోపలికి రాకూడదు సరే, ఆకలికి రాహుకాలం ఏమిటి?" అని తేల్చేశారు. అమ్మాయి తమ్ముడు, తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు, పళ్ళెం మీద తెల్లటి తుండు కప్పుకుని రామాలయానికి బయలుదేరాడు. దారిలో ఇద్దరు ఆపి "ఏమిట్రా అది" అని అడిగితే, "పెళ్ళివారికి" అని చెప్పాడట. చూపులింకా కాలేదన్న సంగతి వాడికి పెద్దగా పట్టలేదు.

రెండో విడతలో కుర్చీలు వెళ్ళాయి. మూడో విడతలో మంచినీళ్ళ బిందె. తర్వాత, ఇన్ని పంపి మనిషి వెళ్ళకపోతే బాగుండదని అమ్మాయి తండ్రిగారు స్వయంగా వెళ్ళి నిలబడి పలకరించారు. నిలబడి ఎంతసేపు మాట్లాడతారని అబ్బాయి తండ్రిగారు తన కుర్చీ ఇవ్వబోయారు, నేను ఇంకో కుర్చీ తెప్పించాను. వాళ్ళను ఆలస్యం చేసిన కోత యంత్రం గురించి మాట మొదలైంది. గంటకు ఎంత తీసుకుంటున్నారు, తడి ఆరకుండా కోస్తే ధాన్యం ఎవరు కొంటారు, ఈ కాలవకు నీళ్ళు ఎప్పుడు కడతారు అన్న సంగతులు దొర్లాయి. నా అనుభవంలో హాల్లో సోఫాల మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు తండ్రులు అంతసేపు అలా మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఇద్దరూ చూసిన ఒక వస్తువు గురించి అయితే మాట దానంతట అదే వస్తుంది. మీ మేనమామగారికి ఇది ముందే చెప్పండి. "ఇంకేమిటండీ విశేషాలు" అని అడిగితే "మీరే చెప్పాలి" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. "ఏ దారిన వచ్చారు?" అని అడిగితే కనీసం అయిదు నిమిషాలు గడుస్తుంది, మగవాళ్ళయితే పది.

ఈ లోగా అబ్బాయి సంగతి. నాలుగో విడతలో గొట్టం కాజాలు వెళ్ళాయి, కాకినాడ నుంచి ప్రత్యేకంగా తెప్పించినవి. గొట్టం కాజా పైకి గట్టిగా, పొడిగా కనిపిస్తుంది గాని లోపలంతా పాకం ఉంటుంది. తెలిసినవాళ్ళు దాన్ని నిలువుగా పట్టుకుని పైకొనన చిన్నగా కొరికి, ముందు పాకం పీల్చుకుంటారు. తెలియనివాళ్ళు అడ్డంగా పట్టుకుని మధ్యలో కొరుకుతారు. అబ్బాయి పుట్టింది గోదావరి గట్టునే అయినా, బెంగుళూరు వెళ్ళి చాలా ఏళ్ళయింది. పైగా ఆత్రుతలో ఉన్నాడు. మధ్యలో కొరికాడు. లేత నీలం చొక్కా మీద, జేబు దగ్గర నుంచి నాలుగో బొత్తాం దాకా, పాకం ఒక తీగలాగా దిగింది. వాళ్ళ అమ్మగారు ఒక చేతిరుమాలు ఇచ్చారు, మేనత్తగారు ఇంకో చేతిరుమాలు ఇచ్చారు. తుడిచినకొద్దీ మరక పెద్దదయింది. అతను గుడి వెనక ఉన్న చేతిపంపు దగ్గరకు వెళ్ళి, ఒక చేత్తో పంపు కొడుతూ, రెండో చేత్తో నీళ్ళు పట్టి చొక్కా మీద చల్లుకోవడం మొదలుపెట్టాడు. చేతిపంపు వాడినవాళ్ళకు తెలుసు, అది ఇద్దరు చేయవలసిన పని.

అమ్మాయి ఆ సమయంలో మేడ మీద ఉంది. మూడు గంటలకే చీర కట్టించి, పూలు పెట్టి కూర్చోబెట్టారు, ఎంతసేపని కూర్చుంటుంది. మేడ మీద నుంచి గుడి వెనక భాగం బాగా కనిపిస్తుంది. తర్వాత ఆ అమ్మాయే నాకు చెప్పింది: మొదట ఎవరో అనుకుందట, పంపు కొట్టి పరుగెత్తి నీళ్ళు పట్టుకునే తీరు చూసి నవ్వొచ్చిందట, నవ్వాక ఫోటోలోని మనిషి అని పోల్చుకుందట. కిందికి దిగి ఒక చెంబులో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒక తువ్వాలు ఇచ్చి, "పాకం మరక చన్నీళ్ళకు పోదు, వీటితో అద్దమను, రుద్దొద్దని చెప్పు" అని తమ్ముణ్ణి పంపింది. అబ్బాయి ఆ చెంబు అందుకుని "ఎవరు పంపారు?" అని అడిగాడు. "అక్క" అన్నాడు వాడు. ఇంక ఏ వివరమూ చెప్పకుండా ఖాళీ పళ్ళెం తీసుకుని వచ్చేశాడు.

అయిదుంపావుకు అమ్మాయి తాతగారు మధ్యాహ్నపు నిద్ర లేచి అరుగు మీదకు వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయిన మనిషి. వీధిలో కుర్చీలు, పళ్ళేలు అటూ ఇటూ తిరగడం చూసి సంగతి అడిగారు. రాహుకాలం అనగానే పంచాంగం తెప్పించి, పేపరు అంచు మీద లెక్క వేయడం మొదలుపెట్టారు. క్యాలెండర్లలో వేసే నాలుగున్నర–ఆరు అన్నది ఉదయం ఆరుకు సూర్యోదయం, సాయంత్రం ఆరుకు అస్తమయం అనుకుని వేసిన లెక్క. అసలు పద్ధతిలో సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న కాలాన్ని ఎనిమిది భాగాలు చేయాలి, ఆదివారం ఎనిమిదో భాగం రాహుకాలం. ఆ కార్తీకమాసంలో మా ప్రాంతానికి సూర్యోదయం సుమారు 6.07, అస్తమయం సుమారు 5.27. అంటే పగలు 680 నిమిషాలు, ఎనిమిదో వంతు 85 నిమిషాలు. "నాలుగూ రెండుకు మొదలై అయిదూ ఇరవైఏడుకు అయిపోతుంది. వాళ్ళు నాలుగుంపావుకు వచ్చి ఉంటే సరిగ్గా రాహుకాలంలోనే వచ్చి ఉండేవాళ్ళు. ఇప్పుడు పిలవండి" అన్నారు.

ఆ మాట చెప్పి పిలవడానికి అమ్మాయి తండ్రిగారు, నేను, వెనకాలే తాతగారు రామాలయం దగ్గరకు వెళ్ళాం. తాతగారు ఆ లెక్క మొత్తం మళ్ళీ వివరంగా చెప్పారు. అంతా విని అబ్బాయి నాయనమ్మగారు, "మాకు రాహుకాలం పట్టింపు ఎప్పుడూ లేదు బాబూ, మీకు ఉందన్నారని కూర్చున్నాం" అన్నారు. "మాకా? మాకూ లేదండీ, మీకని" అన్నారు అమ్మాయి తండ్రిగారు. తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను కాసేపు రావిచెట్టు కొమ్మల వైపు చూశాను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అది వాళ్ళ సంస్కారం. ఆ రోజు నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ నియమం గురించి ఎవరు చెప్పినా, "ఇది మీ ఇంటి పట్టింపా, వాళ్ళకు ఉంటుందని మీరు అనుకుంటున్నదా?" అని అడుగుతాను. సగానికి సగం మంది ఒక్క క్షణం ఆగి, "మాది కాదండీ" అంటారు. మీరు కూడా అబ్బాయి వాళ్ళతో మాట్లాడేటప్పుడు "మీ ఇష్టం" అన్న మాట దగ్గర సంభాషణ ఆపకండి. అది వినడానికి మర్యాదగా ఉంటుంది గాని దాంట్లో సమాచారం ఏమీ ఉండదు. "ఎప్పుడు వస్తారు?" అని అడిగితే "మీకెలా వీలైతే అలా" అంటారు. "మూడున్నరకు రాగలరా, ఆరుంపావు అయితే మేలా?" అని రెండు సమయాలు చెప్పి అడిగితే ఒకటి ఎంచుకుంటారు, ఎంచుకున్న తీరులోనే వాళ్ళకు పట్టింపు ఉందో లేదో కూడా మీకు తెలిసిపోతుంది.

ఎంతమంది అన్నదీ అలాగే అడగాలి. ముగ్గురుగా శుభకార్యానికి వెళ్ళకూడదన్న నమ్మకం మన వైపు చాలా ఇళ్ళలో ఉంది. తల్లి, తండ్రి, అబ్బాయి బయలుదేరబోతూ ముగ్గురమయ్యామని గుర్తొచ్చి, దారిలో ఎవరినో ఒకరిని ఎక్కించుకుని వస్తారు. ఒకసారి మండపేటలో అలా నాలుగో మనిషిగా వచ్చిన అబ్బాయి స్నేహితుడు కాస్త ఎత్తరి, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు, మధ్య కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి అమ్మమ్మగారు అతని ఉద్యోగం, జీతం, అన్నదమ్ముల సంగతులన్నీ అడిగి తృప్తిపడ్డారు, పాపం అతనూ ఓపికగా జవాబులు చెప్పాడు. అందుకని వాళ్ళు చెప్పిన సంఖ్యకు రెండు పళ్ళేలు అదనంగా పెట్టుకోండి. అందరూ కూర్చోగానే మీ మేనమామగారి చేత ఒకసారి పేరుపేరునా పరిచయం చేయించండి, తెలిసినవాళ్ళే అయినా సరే.

పళ్ళెంలో ఏమి పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఆ పావుగంటలో అతిథుల చేతులకు ఉన్న పని అదొక్కటే. ఒక తీపి, ఒక కారం చాలు. కొత్తవాళ్ళ ముందు కూర్చుని, ఒక చేత్తో, ఒలకకుండా తినగలిగినవి పెట్టండి. గొట్టం కాజా వద్దని వేరే చెప్పనక్కరలేదు. ఆత్రేయపురం పూతరేకులు కూడా వద్దు. అంతకంటే మంచి మిఠాయి లేదని నేనూ ఒప్పుకుంటాను గాని, పూతరేకు కొరికి, మూతికి రేకు అంటించుకుని, ఒడి నిండా పంచదార రాలుతుండగా "మీ అబ్బాయి ఏం చదివాడు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికీ సుళువు కాదు. మైసూర్ పాక్ ముక్క, సున్నుండ, చేగోడీలు, ఇలాంటివి క్షేమం. కార్తీకంలోనూ, కొన్ని వారాల్లోనూ ఉల్లి తినని పెద్దవాళ్ళు ఉంటారు. పెద్దవాళ్ళలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు కనీసం ఒకరు ఉంటారు, ఆ మాట నలుగురిలో చెప్పలేక తీపి ముక్కను పళ్ళెంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతుంటారు. ఫోన్‌లో ముందే అడిగి, చక్కెర లేని కాఫీ వేరే రంగు గ్లాసులో ఇస్తే, ఆ ఒక్క పనికే మీ ఇల్లు వాళ్ళకు గుర్తుండిపోతుంది. భోజనానికి మాత్రం పట్టుపట్టకండి. మాట ఖాయం కాకుండా ఆడపిల్ల వారింట భోజనం చేయని ఆచారం ఇప్పటికీ కొన్ని కుటుంబాల్లో ఉంది, వాళ్ళను కాదనలేని ఇబ్బందిలో పెట్టినట్టవుతుంది.

మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను, ఎందుకంటే మీరు అడిగిన మౌనం అప్పుడే వచ్చింది. గంటసేపు చెట్టు కింద కబుర్లు చెప్పుకున్న మనుషులు, గడప దాటి హాల్లోకి వచ్చి సోఫాల మీద కూర్చోగానే, ఒకరినొకరు ఎన్నడూ చూడనట్టు బిగుసుకుపోయారు. ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది. కోత యంత్రం గురించి అంతసేపు మాట్లాడిన తండ్రులిద్దరూ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు. మనుషులు మారలేదు, కూర్చున్న తీరు మారింది. సోఫాలు రెండూ ఎదురెదురుగా వేసి ఉన్నాయి, మధ్యలో గాజుబల్ల, అచ్చం ఇంటర్వ్యూ గదిలాగా. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా కుర్చీలు ఒక మూలకు కలిసేలా వేయించి, ఇరుపక్షాల పెద్దవాళ్ళలో కనీసం ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడుతున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళకు మొహం చూడకుండా మాట్లాడే వీలుంటుంది, కొత్తలో అది చాలా సాయం.

ఆ మౌనంలోనే అమ్మాయి కాఫీ ట్రే పట్టుకుని వచ్చింది. వరుసగా అందరికీ ఇచ్చి అబ్బాయి దగ్గరకు వచ్చేసరికి అతను గ్లాసు అందుకోలేదు. అందుకోలేకపోయాడు. గుడి దగ్గర నుంచి ఆ చెంబు, తువ్వాలు చేతిలోనే పట్టుకుని వచ్చేశాడు, ఎక్కడ పెట్టాలో తెలియక, అడగడానికి మొహమాటపడి, చెంబు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా ముందుభాగం ఇంకా తడిగానే ఉంది. అందరం చూశాం, ఎవరం ఏమీ అనలేదు. అమ్మాయి ట్రే గాజుబల్ల మీద దించి, "ఆ చెంబు ఇటివ్వండి" అంది. అతను ఇచ్చి, "మరక పోయింది" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య మొదటి మాటలు అవి. ముందుగా నవ్వినది అబ్బాయి నాయనమ్మగారు. ఆ తర్వాత ఎవరూ మౌనంగా లేరు.

ఇలాంటిది జరగాలని ఎవరూ ఏర్పాటు చేయలేరు. మీరు చేయగలిగినదల్లా జరిగినప్పుడు కంగారుపడకపోవడం. కాఫీ ఒలికితే గుడ్డ తెచ్చి తుడవండి, పదిసార్లు క్షమించమని అడగకండి. అడిగినకొద్దీ ఎదుటివాళ్ళు "పరవాలేదు" అని పదిసార్లు చెప్పవలసి వస్తుంది, ఒలికిన కాఫీయే సభకు విషయమైపోతుంది. మీ అమ్మగారు మాట్లాడకపోతే దాన్ని కప్పిపుచ్చాలని చూడకండి. "అమ్మకు కొత్తలో మాట రాదండీ" అని మీరే ఒక్కసారి మామూలుగా చెప్పేయండి. అబ్బాయి వైపు ఆడవాళ్ళలో అలాంటివారే ఒకరు ఉంటారు, వాళ్ళిద్దరూ వంటింట్లో బాగానే మాట్లాడుకుంటారు.

కొన్ని ప్రశ్నలు ఇబ్బంది పెడతాయి. అమ్మాయికి వంట వచ్చా, పాట వచ్చా అని అడిగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. చాలాసార్లు అది పరీక్ష కాదు, తమ కాలంలో అలా అడిగారు కాబట్టి అడుగుతారు. మీ చెల్లెలు ఉన్న మాట చెబితే చాలు, ఆమె తరఫున మీరు జవాబు అందుకోకండి. పెట్టుపోతల మాట ఎవరైనా ఎత్తితే అది వేరే సంగతి. కట్నం అడగడం, ఇవ్వడం 1961 నుంచి చట్టం ప్రకారం నేరం. అందరి ముందు వాదన పెట్టుకోకుండా, "ఆ మాటలు మా ఇంట్లో లేవండీ" అని మేనమామగారి చేత ఒక్క వాక్యంలో చెప్పించండి. ఆ తర్వాత కూడా అదే మాట తెస్తే, ఆ సంబంధం పోతే పోనివ్వండి.

పిల్లలను విడిగా పంపేటప్పుడు తలుపు వేసిన గదిలోకి కాకుండా మేడ మీదకో, పెరట్లోకో, వరండాలోకో పంపండి. అందరికీ కనిపిస్తూ, ఎవరికీ వినిపించని చోటు అయితే ఇద్దరికీ బెరుకు తగ్గుతుంది. కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి. మొదటి అయిదు నిమిషాలు "మీరు చెప్పండి", "లేదు, మీరే చెప్పండి" అనుకోవడంతోనే పోతాయి. మధ్యలో మంచినీళ్ళు కావాలా అని ఎవరూ వెళ్ళకూడదు. మన ఇళ్ళలో ఇది చెప్పినంత తేలిక కాదు, ప్రేమతోనే అయినా ఎవరో ఒకరు వెళతారు. ఆ వెళ్ళే మనిషెవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది, ఆ సమయానికి వాళ్ళకు వేరే పని అప్పగించండి.

వెళ్ళేటప్పుడు అబ్బాయి వాళ్ళు "ఇంటికి వెళ్ళి కబురు చేస్తాం" అంటారు. దాన్ని బట్టి అవునో కాదో ఊహించకండి, అందరూ అదే అంటారు. ఎప్పటికి చేస్తారో మాత్రం మర్యాదగా అడగవచ్చు, "బుధవారం నేనే ఫోన్ చేయమంటారా?" అని. మీ చెల్లెలి అభిప్రాయం కూడా వాళ్ళు గుమ్మం దాటగానే అడగకుండా, ఆ రాత్రి నిద్రపోనిచ్చి మర్నాడు అడగండి. ఆ కార్తీకం నాటి సంబంధంలో అబ్బాయి వాళ్ళ కబురు మూడో రోజు వచ్చింది, అమ్మాయి జవాబు మాత్రం ఇంకో రోజు ఆలస్యమైంది. ఉద్యోగం మానవలసి వస్తుందా అన్న ఒక్క సంగతి ఆమె అబ్బాయితో ఇంకొకసారి మాట్లాడి తేల్చుకోవాలంది, ఫోన్‌లో తేల్చుకుంది. మాఘమాసంలో పెళ్ళయింది. పెళ్ళిలో ఫలహారాల వరుస చూస్తుంటే అమ్మాయి తమ్ముడు నా పక్కకు వచ్చి, కాజాలు మడత కాజాలే తెప్పించామని చెప్పి వెళ్ళాడు.

మీ ఫోన్ గురువారం లోపల చేయండి. శనివారం దాకా ఆగితే వాళ్ళు కారు మాట్లాడుకుని, సమయం వాళ్ళే అనుకుని ఉంటారు, మార్చమని అడగడానికి మళ్ళీ మొహమాటం వస్తుంది. ఈ ఆదివారం మీ వైపు ఇంకా కోతలు జరుగుతుంటే, కాలవగట్టు రోడ్డు కాకుండా వేరే దారి ఉందేమో అదే ఫోన్‌లో చెప్పండి.